‘అనుభవించి, తదనంతరం’: వీలునామా రాతలో, అనువాదంలో తగాదాకు తావిచ్చే మాటలు

నెల్లూరు డిస్ట్రిక్ట్ మునసబు కోర్టులో 1944 అక్టోబరులో తులసమ్మ అనే వితంతువు మనోవర్తి కోసం దావాకు దరఖాస్తు పెట్టుకుంది. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదు కాబట్టి పాపరు దావాగా పెట్టింది. భర్త 1931లో పోయాడు. ఆస్తి ఉమ్మడిది, భర్త సవతి సోదరుడు శేషారెడ్డి చేతిలో ఉంది. 1946లో ఆమెకు డిక్రీ వచ్చింది. అది అమలయ్యే దశలో ఇద్దరూ రాజీపడ్డారు. 1949 జులై 30న కోర్టు ఆ రాజీని నమోదు చేసింది. రాజీ ప్రకారం కొంత ఆస్తి తులసమ్మకు వచ్చింది. ఆమె దాన్ని అనుభవించవచ్చు గాని అన్యాక్రాంతం చేయకూడదు. ఆమె తర్వాత అది తిరిగి శేషారెడ్డికి చేరాలి.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. 1960లో తులసమ్మ ఆ ఆస్తిలో కొంత కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. శేషారెడ్డి వెంటనే దావా వేశాడు. ఆమెది పరిమిత హక్కే అన్నాడు మునసబు. సంపూర్ణ హక్కు అన్నాడు నెల్లూరు జిల్లా జడ్జి. హైకోర్టు మళ్ళీ పరిమితమే అంది. చివరికి 1977 మార్చి 17న సుప్రీంకోర్టు తులసమ్మ పక్షాన తీర్పు చెప్పింది. ‘అనుభవించాలి, అమ్మకూడదు, తర్వాత ఫలానావారికి’ అన్న ఒక్క ఏర్పాటు చుట్టూ నాలుగు కోర్టులు నడిచాయి. మొదటి దరఖాస్తు నుంచి లెక్కేస్తే ముప్పై రెండేళ్ళు దాటింది.

ఆ కాగితం రాజీపత్రమే గాని వీలునామా కాదు. అయినా వీలునామాల మీద రాసేవాళ్ళెవరైనా ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. నెల్లూరు తీరంలో రాసే వీలునామాల్లో తరచుగా కనిపించేది ఇదే ఏర్పాటు. ‘నా భార్య బతికి ఉన్నంతకాలం అనుభవించి, ఆమె తదనంతరం నా కొడుకులు పొందవలసినది.’ రాసేవాడికి ఇది చాలా మామూలు వాక్యం. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేవాడికి ఇంతకన్నా ప్రమాదకరమైన వాక్యం లేదు.

ఆ తీర్పులో తేలింది ఇది. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ మొదటి ఉపవిభాగం ప్రకారం స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమె సంపూర్ణ యజమాని. రెండో ఉపవిభాగం దీనికి మినహాయింపు. దానపత్రమో వీలునామానో డిక్రీనో ఆమెకు పరిమిత హక్కు మాత్రమే ఇచ్చి ఉంటే ఆ పరిమితి నిలుస్తుంది. ఈ మినహాయింపు ఎప్పుడు వర్తిస్తుందన్నదే తులసమ్మ కేసులో అసలు ప్రశ్న. ఆ దస్తావేజు ఆమెకు అప్పటిదాకా లేని కొత్త హక్కు ఇస్తుంటేనే మినహాయింపు పనిచేస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. భర్త ఆస్తి నుంచి మనోవర్తి పొందే హక్కు ఆమెకు ముందునుంచే ఉంది. ఆ హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే, కాగితం మీద ఎన్ని ఆంక్షలు రాసినా అది ఆమె సొంతమే అవుతుంది.

ఇప్పుడు వీలునామా దగ్గరికి రండి. ‘నా భార్య పోషణార్థం ఆరు ఎకరాలు అనుభవించి’ అని ఒకరు రాశారనుకోండి. అనువాదకుడు ‘పోషణార్థం’ అన్నదాన్ని మర్యాదకు రాసిన మాటగా భావించి వదిలేస్తే, తీర్పును మార్చగల మాట మాయమైపోయినట్టే. అలాగే మూలంలో ఆ మాట లేకపోయినా, భర్త భార్యకిచ్చేది పోషణకే కదా అని ఇంగ్లీషులో ‘మెయింటెనెన్స్’ అని చేరిస్తే కొడుకుల హక్కుకు గండి కొట్టినట్టే. రెండు వైపులా తీర్పులున్నాయి. సాధూ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, భర్త తన సొంత ఆస్తిని వీలునామాతో భార్యకు పరిమితంగా ఇచ్చినప్పుడు ఆ పరిమితి నిలుస్తుందని చెప్పింది. తెలుగునేల నుంచే వెళ్ళిన జూపూడి పార్థసారథి కేసులో 2015లో, భర్త వీలునామా ద్వారా వచ్చిన ఇంటి మీద భార్యకు సంపూర్ణ హక్కు ఏర్పడిందని తేల్చింది. ఆ ఏర్పాటు మనోవర్తి హక్కుకు గుర్తింపుగా చేసినదేనని భావించడమే కారణం. ఈ రెండు ధోరణుల మధ్య పొంతన కుదరడం లేదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి నివేదించింది. న్యాయమూర్తులకే ఇంత సందిగ్ధం ఉన్నచోట అనువాదకుడు తన సొంత తీర్పు కలపకూడదు.

అసలు అనువాదం ఎప్పుడు అవసరమవుతుందో ముందు చూద్దాం. నెల్లూరు ప్రాంతపు హిందువు తన ఊళ్ళోని పొలం మీద రాసిన వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి అన్న నియమం ఎప్పుడూ లేదు. చెన్నై, ముంబై హైకోర్టుల నగర పరిధిలో, పాత బెంగాల్ ప్రాంతంలో రాసిన వీలునామాలకు, అక్కడి స్థిరాస్తులకే చాలాకాలం అది తప్పనిసరిగా ఉండేది. అయితే నెల్లూరు వాళ్ళకు చెన్నైలో ఇల్లో ఫ్లాటో ఉండటం కొత్త సంగతి కాదు. అలా చాలా తెలుగు వీలునామాలు మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళాయి. ఇక్కడి జిల్లా కోర్టులో తగాదా పడి అప్పీలుకు పోయినా, అమెరికాలో ఉన్న కొడుకు అక్కడి బ్యాంకుకు చూపించాల్సి వచ్చినా ఇంగ్లీషు ప్రతి కావాలి. భారత వారసత్వ చట్టం, 1925 లోని 277వ సెక్షన్ దీనికి పద్ధతి చెప్పింది. వీలునామా ఇంగ్లీషులోనో ఆ కోర్టు వాడుక భాషలోనో లేకపోతే ప్రొబేట్ దరఖాస్తుకు అనువాదం జతచేయాలి. ఆ భాషకు కోర్టు నియమించిన అనువాదకుడుంటే ఆయనే చేయాలి. లేకపోతే ఆ భాష వచ్చిన వ్యక్తి ఎవరైనా చేయవచ్చు గాని, మూలం భాషను, లిపిని చదివి పూర్తిగా అర్థం చేసుకోగలనని, ఇది సరైన, యథాతథమైన అనువాదమని ధ్రువీకరించాలి. లిపి మాట చట్టంలో ఊరికే రాలేదు. పాత వీలునామాల గొలుసుకట్టు రాతలో ఒత్తు ఎక్కడుందో తేల్చుకోవడమే సగం పని.

ఇక ఒక వీలునామాను ముందు పెట్టుకుని నడుద్దాం. ఇది నేను ఉదాహరణ కోసం కల్పించినది. తోటపల్లిగూడూరు మండలంలో సముద్రానికి దగ్గరి ఊరొకటి అనుకోండి. అక్కడి పెద్దాయనకు ఆరు ఎకరాల పట్టా భూమి, నలభై అంకణాల స్థలంలో ఇల్లు, డి.కె.టి. పట్టా కింద వచ్చిన ఎకరన్నరలో రొయ్యల గుంట, ఒక ఫైబర్ బోటు ఉన్నాయి. భార్య, ఇద్దరు కొడుకులు ఉన్నారు. కూతురు పోయింది, ఆమెకు ముగ్గురు పిల్లలు. వీలునామాలో ముఖ్యమైన భాగం ఇలా ఉంది:

‘నా భార్య ఇంటిలో కాపురముండి, ఆరు ఎకరముల ఫలసాయం అనుభవించి జీవించవలసినది. ఆమె తదనంతరం సదరు ఆస్తిని నా కుమారులిద్దరు, కీర్తిశేషురాలైన నా కుమార్తె పిల్లలు సమానంగా పంచుకొనవలసినది. నా బోటు నా మేనల్లునికి చెందవలసినది. అన్ని వ్యవహారములు నా తమ్ముడు చూచుకొని జరిపించవలసినది.’

చదువుతుంటే అంతా తేటగానే ఉన్నట్టుంటుంది. ఇందులో కనీసం నాలుగు దావాలున్నాయి.

మొదటిది భార్య వాక్యం. ‘యావజ్జీవం’ అన్న మాట లేదు, అమ్మకూడదన్న మాటా లేదు. భారత వారసత్వ చట్టం 95వ సెక్షన్ ప్రకారం, పరిమితంగా ఇవ్వాలన్న ఉద్దేశం వీలునామాలో కనిపించకపోతే, ఇచ్చిన ఆస్తిపై రాసినవాడికున్న హక్కు మొత్తం పొందినవారికి పోతుంది. ఇక్కడ ‘ఆమె తదనంతరం’ అన్నది పరిమితిని సూచిస్తోంది. ‘ఫలసాయం అనుభవించి’ అన్నదీ అటే మొగ్గుతోంది. ‘జీవించవలసినది’ అన్న చివరి మాట మాత్రం, ఇది ఆమె బతుకుతెరువు కోసం, అంటే పోషణ కోసం ఇచ్చిందనే వాదనకు ఊతమిస్తుంది. అనువాదకుడు ఇక్కడ ‘లైఫ్ ఎస్టేట్’ అనే చట్టపు మాట వాడితే కోర్టు చేయాల్సిన నిర్ణయం తనే చేసినట్టు. ఇంట్లో కాపురం ఉంటూ, ఆరు ఎకరాల ఫలసాయం అనుభవిస్తూ, బతకాలి అన్న మూడు ముక్కలనూ మూడు ముక్కలుగానే, అదే వరుసలో ఇంగ్లీషులో పెట్టాలి. వాక్యం కాస్త మొరటుగా వస్తుంది. రానివ్వాలి. చట్టం 82వ సెక్షన్ వీలునామాను మొత్తంగా చదివి అర్థం తేల్చమంటుంది. ముక్కలన్నీ ఉంటేనే కోర్టు ఆ పని చేయగలదు.

తెలుగు దస్తావేజుల్లో సంపూర్ణ హక్కుకు స్థిరపడిన భాష వేరే ఉంది: ‘పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వస్వాతంత్ర్య హక్కులతో’. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. వాటిలోని దానశాసనాలు చదివినవారికి ఈ ధోరణి పరిచయమే. ఈ మాటలున్నప్పుడు వాటిని బరువైన అలంకారంగా చూసి ‘అబ్సల్యూట్లీ’ అన్న ఒక్క మాటతో తేల్చేయడం తప్పు. దానం, మార్పిడి, అమ్మకం మూడింటినీ పేరుపేరునా చెప్పాలి. ఒక్కోసారి ‘దాన వినిమయ విక్రయాది హక్కులతో అనుభవించి, తదనంతరం నా కుమారులకు’ అని ఒకే వాక్యంలో రెండూ రాసేస్తుంటారు. ముందు భాగం సంపూర్ణ హక్కు ఇస్తోంది, వెనక భాగం దాన్ని తీసేస్తోంది. పొసగని రెండు క్లాజులుంటే చివరిది నిలుస్తుందని 88వ సెక్షన్ అంటుంది. సంపూర్ణంగా ఇచ్చేశాక తర్వాతి ఏర్పాటు చెల్లదని చెప్పిన తీర్పులూ ఉన్నాయి. ఈ పెనుగులాట మూలంలో ఎంత ఉందో అనువాదంలోనూ అంతే కనబడాలి. ‘అయితే’, ‘కాబట్టి’ లాంటి అతుకులు వేసి దాన్ని సర్దకూడదు.

పెద్దాయన బతికి ఉండగా ఎవరైనా నన్ను అడిగితే ఆ వాక్యాన్ని ఇలా రాయమంటాను: ‘షెడ్యూలు ఎ లోని భూమిని, ఇంటిని నా భార్య తన జీవితకాలం స్వాధీనంలో ఉంచుకొని వాటి ఫలసాయం, అద్దె తీసుకోవచ్చు. వాటిని అమ్మే, తాకట్టు పెట్టే, దానమిచ్చే, వీలునామా రాసే హక్కు ఆమెకు లేదు. ఆమె పోషణ కోసం షెడ్యూలు బి లోని డిపాజిట్లను ఆమెకు సంపూర్ణ హక్కులతో విడిగా ఇస్తున్నాను. షెడ్యూలు ఎ లోని ఏర్పాటు ఆమె మనోవర్తి హక్కుకు బదులుగా చేసినది కాదు.’ ఇలా రాస్తే వివాదం పూర్తిగా పోతుందని హామీ ఇవ్వలేను. కోర్టు మాటలను చూస్తుంది, మాటల వెనక నిజాన్నీ చూస్తుంది. షెడ్యూలు బి లో పదివేల రూపాయలే ఉంటే చివరి వాక్యాన్ని ఎవరూ నమ్మరు. నిజానికి భార్యకు జీవితకాలపు హక్కు ఇవ్వడం కన్నా, తక్కువైనా సరే ఒక భాగం సంపూర్ణంగా ఇవ్వడం మేలని నా అభిప్రాయం. ఒంట్లో బాగులేనప్పుడు పది సెంట్లు అమ్ముకునే వీలు కూడా లేని ఆరు ఎకరాలు ఆమెకు ఏం ఆసరా?

రెండో దావా ‘సమానంగా’ అన్న మాటలో ఉంది. కొడుకులిద్దరు, కూతురి పిల్లలు ముగ్గురు. తలకొక వాటా అంటే ఐదు వాటాలు. ఆరు ఎకరాల్లో ఒక్కొక్కరికి ఎకరా ఇరవై సెంట్లు, మనవలు ముగ్గురికీ కలిపి మూడు ఎకరాల అరవై సెంట్లు. శాఖల వారీగా అంటే మూడు వాటాలు. కొడుకులకు చెరి రెండు ఎకరాలు, మనవలు ముగ్గురికీ కలిపి రెండే. పోయిన కూతురి వాటా ఆమె పిల్లలకు పోవాలన్నదే పెద్దాయన మనసులో ఉండి ఉండవచ్చు. వాక్యం మాత్రం ఆ సంగతి చెప్పడం లేదు. ఇంగ్లీషులో ‘పెర్ స్టిర్పీస్’ అని రాసినా ‘ఈచ్’ అని చేర్చినా, అనువాదకుడు ఎకరా అరవై సెంట్లు ఒకరి నుంచి తీసి మరొకరికి ఇచ్చినట్టే. రాసేటప్పుడైతే పరిష్కారం సులువు. ‘మూడు సమాన వాటాలు చేసి, ఒకటి పెద్ద కుమారునికి, ఒకటి చిన్న కుమారునికి, ఒకటి కుమార్తె పిల్లలు ముగ్గురికీ కలిపి’ అని రాసి, ఐదుగురి పేర్లూ పెట్టాలి. తల్లి బతికి ఉండగానే ఒక కొడుకు పోతే అతని వాటా ఎవరికన్నదీ అక్కడే చెప్పాలి.

మూడోది మేనల్లుడు. పురుషుడి వీలునామాలో మేనల్లుడంటే అక్కచెల్లెళ్ళ కొడుకు. స్త్రీ రాసిన వీలునామాలో అన్నదమ్ముల కొడుకు. ఇంగ్లీషు ‘నెఫ్యూ’లో ఈ తేడా ఏదీ ఉండదు. పెద్దాయనకు మేనల్లుడు ఒక్కడే, తమ్ముడి కొడుకులు ఇద్దరు అనుకోండి. తెలుగులో ఎలాంటి సందేహమూ లేని మాట ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ముగ్గురికి సరిపోతుంది. తమ్ముడి కొడుకులను తెలుగువాళ్ళు కొడుకులనే అంటారు కాబట్టి తిరకాసు రెండో వైపూ ఉంది. ‘నా కుమారులు’ అన్నచోట తమ్ముడి కొడుకుల పేర్లుంటే, అనువాదకుడు ‘సన్స్’ అనే రాసి, బంధుత్వం గురించి తనకు తెలిసింది వాక్యంలో కలపకుండా వదలాలి. మేనల్లుడి విషయంలో మాత్రం ‘సిస్టర్స్ సన్’ అని రాయడమే సరైన అనువాదం. ఆ అర్థం మాటలోనే ఉంది, మనం బయటినుంచి తెచ్చింది కాదు.

దీనికి ఒక చట్టపు కారణం కూడా ఉంది. వీలునామాలోని మాటలు సూటిగానే ఉండి, లోకంలో వాటికి సరిపోయేవారు ఇద్దరు తేలితే, ఎవరిని ఉద్దేశించారో చూపడానికి బయటి సాక్ష్యాన్ని 80వ సెక్షన్ అనుమతిస్తుంది. సందిగ్ధత వీలునామా ముఖం మీదే కనిపిస్తే, ఉదాహరణకు పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలేస్తే, 81వ సెక్షన్ బయటి సాక్ష్యాన్ని రానివ్వదు. అందుకని మూలంలో ఖాళీ ఉంటే ఖాళీగానే చూపాలి. కొట్టివేత ఉంటే ఏ మాట కొట్టేశారో, పైన ఏం రాశారో, పక్కన సంతకం ఉందో లేదో చెప్పాలి. సంతకం చేశాక చేసిన మార్పు చెల్లాలంటే దాన్నీ వీలునామా లాగానే సాక్షుల ఎదుట అమలు చేయాలి. శుభ్రంగా టైపు చేసిన అనువాదంలో దిద్దుబాట్లన్నీ మాయమైపోతే, ఆ ప్రశ్న వేసే అవకాశమే అవతలి పక్షానికి పోతుంది.

బోటు, ఇల్లు, గుంట గురించి కొంత చెప్పాలి. ‘నా బోటు’ అని మాత్రమే రాస్తే, మరణ సమయానికి ఆయనకున్న బోటు అని 90వ సెక్షన్ ప్రకారం అర్థం చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ నంబరు వేసి ఫలానా బోటు అని రాశాక, దాన్ని అమ్మి కొత్తది కొంటే పాత బోటుతో పాటే ఆ కానుకా పోతుంది. మేనల్లుడికి కొత్త బోటు రాదు. ఇంజను, వలలు బోటులో భాగమా కాదా అన్నది రాయకపోతే ఒడ్డున తగాదా తప్పదు. తీరంలో కొన్నిచోట్ల వలల విలువ బోటుకు తీసిపోదు. అంకణం విషయం ఇంకా నాజూకు. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు 36. నలభై అంకణాలను ఇక్కడి లెక్కలో చూస్తే 2,880 చదరపు అడుగులు, అక్కడి లెక్కలో 1,440. అనువాదంలో అంకణాన్ని అంకణంగానే ఉంచాలి. చదరపు అడుగుల్లోకి మార్చిన అంకె కావాలంటే అడుగున సూచికలో, అనువాదకుడి గమనికగా ఇవ్వాలి. హద్దులను మాత్రం ఒక్క మాట పోకుండా దించాలి.

డి.కె.టి. పట్టా అన్నది ప్రభుత్వం అసైన్ చేసిన భూమి. దాన్ని ‘ఓన్ ల్యాండ్’ అనో ‘పర్చేజ్డ్’ అనో రాస్తే పెద్ద పొరపాటు. అసైన్డ్ భూముల బదిలీలను నిషేధించే 1977 నాటి చట్టం అమ్మకాన్ని, దానాన్ని, తాకట్టును, కౌలును బదిలీగా లెక్కగట్టింది గాని, ఆ నిర్వచనం నుంచి వీలునామా ద్వారా ఇవ్వడాన్ని మినహాయించింది. అందువల్ల పెద్దాయన కాగితం ఏ రకానిదన్న ప్రశ్న ఇక్కడ చాలా విలువైనదవుతుంది. శీర్షికలో వీలునామా అని ఉండి లోపల ‘నేటినుండి మీరే స్వాధీనపరచుకొని అనుభవించవలసినది’ అని ఉంటే అది సెటిల్మెంటు దస్తావేజు అన్న వాదన లేస్తుంది. ‘నా తదనంతరం’ అన్న రెండు మాటలు వాక్యంలో ఎక్కడున్నాయో, ఏ క్రియను పట్టుకున్నాయో అనువాదకుడు వేలు పెట్టి చూసుకోవాలి. మన ఉదాహరణలో ఆ గుంట గురించి ఒక్క ముక్క లేదు. వీలునామాలోకి రాని ఆస్తి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పంపకమవుతుంది. మిగిలిన ఆస్తి అంతా ఎవరికన్నది ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు.

నాలుగోది తమ్ముడు. ‘అన్ని వ్యవహారములు చూచుకొని జరిపించవలసినది’ అన్నారు. ఎగ్జిక్యూటర్ అన్న మాట లేదు. 222వ సెక్షన్ ప్రకారం నియామకం స్పష్టంగా ఉండవచ్చు, లేదా వీలునామా ధోరణి నుంచి తప్పనిసరిగా తేలవచ్చు. కాబట్టి తమ్ముడు ఎగ్జిక్యూటర్ కావడానికి అవకాశం ఉంది. అనువాదంలో ‘కేర్‌టేకర్’ అని పెడితే ఆ అవకాశం పోతుంది, ‘గార్డియన్’ అంటే మైనర్ల సంరక్షకుడవుతాడు, ‘ట్రస్టీ’ అంటే ఆస్తిని దీర్ఘకాలం పట్టుకునే ధర్మకర్త అవుతాడు, ‘ఎగ్జిక్యూటర్’ అంటే కోర్టు తేల్చాల్సింది మనం తేల్చినట్టు. ఏ పని అప్పగించారో ఆ పనినే చెప్పాలి. తెలుగులో రాసేవారికి నా సలహా ఇంకొకటి. కార్యకర్త, నిర్వాహకుడు, పెద్దమనిషి వంటివి వాడకుండా ‘వీలునామా ఎగ్జిక్యూటరుగా నియమిస్తున్నాను’ అనే రాయండి. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి హైకోర్టు దాకా అందరికీ తెలిసిన మాట అదే.

ఎగ్జిక్యూటర్ మీద పడే పని చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువ. చట్టం ఆయన్ను చనిపోయినవారి న్యాయ ప్రతినిధిగా చూస్తుంది. ఆస్తి ముందు ఆయనకే, ఆ హోదాలో, దఖలు పడుతుంది. అంత్యక్రియల ఖర్చు, చివరి జబ్బు ఖర్చు, ప్రొబేట్ తీసుకుంటే దాని ఖర్చు, పనివాళ్ళ జీతాలు, ఆ తర్వాత మిగిలిన అప్పులు. ఇవన్నీ తీరాకే కానుకలు. ప్రొబేట్ తీసుకున్నవారు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకు ఇవ్వాలి. మరణించిన ఏడాదిలోపు కానుకలు చెల్లించాలన్న ఒత్తిడి ఎగ్జిక్యూటర్ మీద లేదు. ఆయన సమ్మతి ఇచ్చేదాకా కానుక పొందినవారి హక్కు పూర్తికాదు. ‘నాకు రాసిచ్చారు కదా’ అని కొడుకు పొలంలోకి దిగిపోవడం కుదరదు.

ఈ క్రమం తీరంలో ఒకచోట చాలా ఇబ్బంది పెడుతుంది. గుంటలో వనామీ పిల్ల వేసి డెబ్బై రోజులైంది, పెద్దాయన పోయాడు. పంట నూరు, నూట ఇరవై రోజులకు పట్టుబడికి వస్తుంది. మేత అప్పు కొట్లో నడుస్తోంది, ఏరియేటర్లకు కరెంటు బిల్లు కట్టాలి. అన్నదమ్ములు మాట్లాడుకునే దాకా రొయ్య ఆగదు. ఎగ్జిక్యూటరుకు ఆస్తిని అమ్మే అధికారం చట్టం ఇస్తుంది. స్థిరాస్తి విషయంలో అది వీలునామాలో పెట్టిన ఆంక్షలకు లోబడి ఉంటుంది. ‘ఆస్తులు ఏవీ అమ్మకుండా కాపాడి పంచవలెను’ అని పెద్దాయన మంచి మనసుతో రాసి ఉంటే, పట్టుబడి చేసి రొయ్యలు అమ్మే అధికారం ఎగ్జిక్యూటరుకుందా లేదా అని మేత కొట్టువాడు కూడా అడుగుతాడు. అందుకని రొయ్యల సాగు ఉన్న ఇంట్లో ఈ మాటలు ఉండి తీరాలి: ‘నా మరణ సమయానికి గుంటలో ఉన్న పంటను ఎగ్జిక్యూటర్ సాగించి, పట్టించి, అమ్మి, ఆ పంట అప్పులు తీర్చి, మిగిలిన సొమ్మును ఫలానావారికి ఇవ్వవలెను.’ గుంట ఎవరికో పంటా వారికే అనుకుంటే ఆ సంగతీ రాయాలి. తమ్ముడు తనకన్నా ముందే పోతే, లేదా ఒప్పుకోకపోతే, ఆ స్థానంలో ఎవరన్నది కూడా పేరుతో చెప్పాలి. ఎగ్జిక్యూటర్ లేకుండా పోతే వీలునామా చెల్లకుండా పోదు గాని, కోర్టుకెళ్ళి వీలునామా జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ తెచ్చుకునే పని వారసుల మీద పడవచ్చు.

చివరి పేజీని అనువాదకులు తరచుగా తేలిగ్గా తీసుకుంటారు. వీలునామా నిలవాలంటే ఇద్దరు సాక్షులు కావాలి. రాసినవారు సంతకమో నిశానీనో పెట్టడం ఒక్కో సాక్షీ చూసి ఉండాలి, లేదా అది తమదేనని ఆయన వారితో చెప్పి ఉండాలి. సాక్షులు ఆయన ఎదుట సంతకం చేయాలి. మన దస్తావేజుల్లో దస్తావేజు లేఖరి సంతకం సాక్షుల కిందనే ఉంటుంది. రిజిస్టరు చేస్తే గుర్తించినవారి సంతకాలు వెనక ఉంటాయి. వీటన్నిటినీ అనువాదంలో ‘విట్నెసెస్’ అని ఒకే శీర్షిక కింద పెడితే లేనిపోని సాక్షులు పుట్టుకొస్తారు. అబ్దుల్ జబ్బార్ కేసులో 1969లో సుప్రీంకోర్టు, సాక్షిగా ఉండాలన్న ఉద్దేశంతో సంతకం చేసినవాడే అటెస్టింగ్ సాక్షి అవుతాడని చెప్పింది. ఎవరు ఏ హోదాలో, పేజీలో ఏ చోట సంతకం చేశారో అదే చోట చూపాలి.

‘చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని’ అన్న వాక్యానికీ ఇదే జాగ్రత్త అవసరం. చెన్నైలో వకీలు ఇంగ్లీషులో రాసిన వీలునామా మీద ఇంగ్లీషు రాని పెద్దాయన సంతకం పెడితే, అది ఆయనకు అర్థమయ్యే భాషలో ఎవరు చదివి చెప్పారో ఆ కాగితంలోనే ఉండాలి. లేకపోతే అనుమానాస్పద పరిస్థితి అంటారు. వీలునామాను బలపరిచేవారే అలాంటి అనుమానాలు తీర్చాలని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసు తీర్పు స్థిరపరిచింది. నెల్లూరు తీరంలోని పట్టపు వారి ఇళ్ళలో మాట్లాడేది తమిళం కలిసిన మాట. లేఖరి రాసేది గ్రాంథికపు తెలుగు. అక్కడైతే తెలుగు వీలునామాకు కూడా ఏ భాషలో విప్పి చెప్పారో రాయాలంటాను.

అనువాదం ముగిశాక దాన్ని మూలం చూడని మరొకరి చేత తిరిగి తెలుగులో చెప్పించుకోవడం మంచి పద్ధతి. భార్యకు ఏం వచ్చింది, ఎన్ని వాటాలు, బోటు ఎవరికి, ఎవరు జరిపించాలి అని అడగండి. మూలం చదివినవారికి వచ్చిన సందేహమే ఆయనకూ వస్తే పని సరిగా జరిగినట్టు. మూలంలో లేని సందేహం వస్తే ఆ వాక్యం తిరగరాయాలి. మూలంలో ఉన్న సందేహం ఆయనకు రాకపోతే అప్పుడూ తిరగరాయాలి. ఆ తర్వాతే 277వ సెక్షన్ ధ్రువీకరణ కింద సంతకం, తేదీ.